బోర్డు మీద కెపాసిటర్, డయోడ్, ట్రాన్సిస్టర్ గుర్తుపట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రిజ్ స్టెబిలైజరో, పాత ఆంప్లిఫయరో విప్పి, బోర్డు ఫొటో తీసి "ఇదేంటి?" అని పంపేవాళ్ళు ఎక్కువయ్యారు. సందేహాలు మాత్రం దాదాపు అవే. వాటికి ఇన్నాళ్ళూ రాసిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఉదాహరణలు ఎక్కువగా స్టెబిలైజర్ బోర్డు నుంచే తీసుకున్నాను. అది చాలా ఇళ్ళలో ఉంటుంది, అందులో ఈ మూడు రకాల పార్టులూ దొరుకుతాయి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## బోర్డు విప్పాక, ముట్టుకునే ముందు

ప్లగ్ తీసేశాను కదా, ఇక బోర్డు ముట్టుకోవచ్చా?

పెద్ద కెపాసిటర్ ఉంటే వెంటనే వద్దు. ఆడాప్టర్, టీవీ పవర్ సప్లై లాంటి వాటిలో 400V లేదా 450V అని రాసి ఉన్న లావు కెపాసిటర్ ఒకటి ఉంటుంది. 230 వోల్టుల కరెంటును నేరుగా డీసీగా మారిస్తే దాదాపు 325 వోల్టులు వస్తాయి. ప్లగ్ తీసినా అది కాసేపు అందులోనే నిలిచి ఉండొచ్చు. మీటరును డీసీ 1000 వోల్టుల రేంజిలో పెట్టి దాని రెండు కాళ్ళ మధ్య చూడండి. ఎక్కువ ఉంటే హోల్డర్‌లో పెట్టిన 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు వైర్లను ఆ కాళ్ళకు తాకించి ఖాళీ చేసి, మళ్ళీ కొలవండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. నిప్పురవ్వలు ఎగరడమే కాదు, బోర్డు మీది రాగి గీత కూడా లేచిపోతుంది.

స్టెబిలైజర్‌లో ఇంత పెద్ద కెపాసిటర్ ఉండదు, కానీ వేరే ప్రమాదం ఉంది. అందులో ఉండేది ఆటో ట్రాన్స్‌ఫార్మర్ కాబట్టి, బోర్డు 12 వోల్టులతోనే నడుస్తున్నా కరెంటు లైనుతో నేరుగా కలిసి ఉండొచ్చు. ప్లగ్ పెట్టి ఉండగా దాన్ని అసలు ముట్టుకోకూడదు.

ఏది కెపాసిటరో, ఏది డయోడో మొదటి చూపులో ఎలా తెలుస్తుంది?

పార్టు కన్నా ముందు దాని పక్కన బోర్డు మీద అచ్చయిన తెల్ల అక్షరం చూడండి. C అంటే కెపాసిటర్, D అంటే డయోడ్, Q అంటే ట్రాన్సిస్టర్, R రెసిస్టర్, L కాయిల్. ZD అని ఉంటే జీనర్ డయోడ్, అంటే ఒక వోల్టేజ్ దాటితే ఎదురు దిశలోనూ కరెంటును వదిలేది. కొన్ని బోర్డుల మీద ట్రాన్సిస్టర్‌కి Q బదులు T లేదా TR అని వేస్తారు. అక్షరం పక్కనుండే అంకె వరుస సంఖ్య మాత్రమే. C4 అంటే నాలుగో కెపాసిటర్ అని అర్థం, దాని విలువ 4 అని కాదు. ఈ తేడా తెలియక షాపులో "C4 ఇవ్వండి" అని అడిగినవాళ్ళున్నారు.

అక్షరాలు లేని చవక బోర్డయితే ఆకారమే ఆధారం. నిలువు డబ్బాలు, చదును బిళ్ళలు కెపాసిటర్లు. రెండు చివర్లా కాళ్ళుండి, ఒక చివర గీత ఉన్న చిన్న గొట్టాలు డయోడ్లు. మూడు కాళ్ళున్నవి చాలావరకు ట్రాన్సిస్టర్లు, కానీ అన్నీ కావు.

## కెపాసిటర్లు

గోధుమ రంగు బిళ్ళ మీద 104 అని మాత్రమే ఉంది. దాని విలువ ఎంత?

0.1 మైక్రోఫారడ్. మొదటి రెండు అంకెలను ఉన్నవున్నట్టు తీసుకుని, మూడో అంకె ఎంతో అన్ని సున్నాలు చేర్చాలి. వచ్చేది పికోఫారడ్లలో ఉంటుంది. 104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, 1,00,000 పికోఫారడ్లు. అంటే 100 నానోఫారడ్లు, అదే 0.1 మైక్రోఫారడ్. ఇదే లెక్కన 103 అంటే 0.01 మైక్రోఫారడ్, 473 అంటే 47 నానోఫారడ్లు.

రెండంకెలే ఉంటే, ఉదాహరణకు 22 అని ఉంటే, అది సూటిగా 22 పికోఫారడ్లు. 220 అని ఉన్నప్పుడు మాత్రం జాగ్రత్త. సాధారణంగా దాన్ని 22 పక్కన సున్నా సున్నాలు, అంటే 22 పికోఫారడ్లు అనే చదవాలి. 220 పికోఫారడ్లకు 221 అని రాస్తారు. 4n7 లాంటి రాతలో n అక్షరం దశాంశ బిందువు పని చేస్తుంది కాబట్టి అది 4.7 నానోఫారడ్లు.

అంకెల తర్వాత ఉండే J అంటే 5 శాతం అటూ ఇటూ, K అంటే 10, M అంటే 20. ముందు 2A ఉంటే 100 వోల్టులు, 1H ఉంటే 50 వోల్టులు. కాబట్టి 2A104J అంటే 100 వోల్టుల, 0.1 మైక్రోఫారడ్, 5 శాతం కెపాసిటర్. ఇలాంటి బిళ్ళలకు ప్లస్ మైనస్ ఉండదు, ఎటు పెట్టినా ఒకటే.

డబ్బా కెపాసిటర్‌కి మైనస్ ఎటువైపు? బోర్డు మీద గుర్తు లేదు.

అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్ మీద పైనుంచి కిందకి ఒక పట్టీ, అందులో మైనస్ గుర్తులు ఉంటాయి. ఆ పట్టీ వైపు కాలే మైనస్. కొత్త కెపాసిటర్‌లో పొడుగు కాలు ప్లస్. బోర్డు మీద గుండ్రంగా గీసి సగం తెల్లగా నింపి ఉంటే, చాలా బోర్డుల్లో ఆ నింపిన సగం మైనస్ వైపు. ఈ పద్ధతి అన్ని కంపెనీలకూ ఒకటి కాదు కాబట్టి, పాత కెపాసిటర్ ఊడదీసే ముందే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

అందరూ దెబ్బతినేది టాంటలమ్ దగ్గర. చిన్న పసుపు లేదా నల్ల ఇటుకలా ఉండే ఆ కెపాసిటర్ మీద గీత ప్లస్ వైపు ఉంటుంది, ఎలక్ట్రోలిటిక్‌కి సరిగ్గా ఎదురు. తిరగేసి పెడితే టాంటలమ్ మెల్లగా పాడవదు. షార్ట్ అయి మంటతో కాలుతుంది.

1000uF 25V తీసి 1000uF 16V వేశాను. బోర్డు 12 వోల్టులదే కదా, ఏమవుతుంది?

ఆ 25V అనేది "ఇంతకు మించకూడదు" అన్న హద్దు. అక్కడ నిజంగా ఎంత వస్తుందో లెక్కేసి చూద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే 12 వోల్టులు ఏసీ. డయోడ్లు దాటి కెపాసిటర్‌లో నిండేది దాని పై అంచు, అంటే 12 ని 1.414 తో గుణిస్తే సుమారు 17 వోల్టులు. దారిలో రెండు డయోడ్లు 1.4 వోల్టులు తినేస్తే మిగిలేది 15.6. ఇది కాగితం మీద 16 లోపే ఉంది.

కానీ స్టెబిలైజర్ పెట్టుకున్నదే కరెంటు ఎక్కువ తక్కువ అవుతుందని. లైను 260 వోల్టులకు ఎక్కితే ఆ 12 కాస్తా 13.6 అవుతుంది, కెపాసిటర్ మీద దాదాపు 17.8 వోల్టులు పడతాయి. లోడు తక్కువగా ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఇంకొంచెం ఎక్కువే ఇస్తుంది. 16 వోల్టుల కెపాసిటర్ పై మూత ఉబ్బడానికి అది చాలు. వోల్టేజ్ అంతే లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నదే వేయండి. ఉష్ణోగ్రత 85 డిగ్రీలదా 105 డిగ్రీలదా కూడా డబ్బా మీదే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వేడికి 105 ది వేయడం మంచిది.

పాత రేడియో బోర్డులో చదునుగా ఉండి, అడ్డంగా రంగు పట్టీలున్న పార్టు ఉంది. రెసిస్టరా?

కాదు, అది పాలియెస్టర్ కెపాసిటర్. ఫిలిప్స్, ముల్లార్డ్ పేర్లతో వచ్చిన C280 రకం. రంగుల చేపలా ఉంటుందని ఇంగ్లీషులో ట్రాపికల్ ఫిష్ అంటారు. రెండు కాళ్ళూ కిందనే ఉంటాయి, పట్టీలు ఒంటి నిండా అంచుకు అంచు తగులుతూ ఉంటాయి. పైనుంచి కాళ్ళ వైపు చదవాలి. మొదటి రెండు పట్టీలు అంకెలు, మూడోది సున్నాలు, నాలుగోది తేడా శాతం, అయిదోది వోల్టేజ్. వచ్చిన విలువ పికోఫారడ్లలో.

గోధుమ, నలుపు, పసుపు, తెలుపు, ఎరుపు అని ఉందనుకోండి. గోధుమ 1, నలుపు 0, పసుపు అంటే నాలుగు సున్నాలు: 1,00,000 పికోఫారడ్లు, 0.1 మైక్రోఫారడ్. నాలుగో పట్టీ తెలుపైతే 10 శాతం, నలుపైతే 20. చివర ఎరుపైతే 250 వోల్టులు, పసుపైతే 400.

ఒకే రంగు రెండుసార్లు వస్తే మధ్యలో గీత కనపడదు. 22 నానోఫారడ్లకు ఎరుపు, ఎరుపు, నారింజ. చూడ్డానికి ఒకే వెడల్పాటి ఎర్ర పట్టీలా ఉంటుంది. పట్టీలు నాలుగే ఉన్నట్టు అనిపిస్తే, ఏదైనా ఒకటి రెట్టింపు వెడల్పు ఉందేమో చూడండి.

బోర్డుకి అతికిన నువ్వుగింజంత గోధుమ రంగు ముక్కల మీద ఏమీ రాసి లేదు. విలువ ఎలా తెలుస్తుంది?

చూపుతో తెలియదు. ఎస్ఎండీ సిరామిక్ కెపాసిటర్ల మీద సాధారణంగా ఏమీ అచ్చువేయరు. బోర్డు నుంచి తీసి కెపాసిటెన్స్ కొలిచే మీటరుతో చూడాలి, లేదా అదే మోడల్ ఇంకో బోర్డులో ఉన్నది కొలవాలి. అదే సైజులో నల్లగా ఉండి పైన 103 అని తెల్లగా రాసి ఉంటే అది రెసిస్టర్, 10 కిలోఓములు.

## డయోడ్లు

డయోడ్ మీద గీత ప్లస్సా, మైనస్సా?

ఆ గీత కాథోడ్ వైపు. డయోడ్‌లో కరెంటు గీత లేని చివర నుంచి గీత ఉన్న చివరకు పోతుంది. "ప్లస్సా మైనస్సా" అని గుర్తుపెట్టుకుంటేనే తికమక. ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల బ్రిడ్జిలో కెపాసిటర్ ప్లస్‌కి కలిసే రెండు డయోడ్లకూ గీత ప్లస్ వైపే ఉంటుంది. రిలే అంటే కాయిల్‌కి కరెంటు ఇస్తే పనిచేసే స్విచ్. దాని కాయిల్‌కి అడ్డంగా వేసే డయోడ్‌కి కూడా గీత 12 వోల్టుల ప్లస్ వైపే. ఆ డయోడ్‌ను తిరగేస్తే, రిలేని నడిపే ట్రాన్సిస్టర్ ఆన్ అయిన క్షణంలోనే కరెంటంతా డయోడ్ గుండా పోయి ట్రాన్సిస్టర్ కాలుతుంది.

నల్ల ప్లాస్టిక్ ఒంటి మీద వెండి గీత ఉన్నది ఎక్కువగా 1N4007, 1 ఆంపియర్, 1000 వోల్టులు. అదే రూపంలో బాగా లావుగా ఉంటే 1N5408, 3 ఆంపియర్లు. కానీ 1N5819 అనే షాట్‌కీ డయోడ్ కూడా అచ్చం 1N4007 లాగే ఉంటుంది, అది 40 వోల్టులే ఆపుతుంది. ఆకారం చూసి పెట్టకండి, నంబరు చదవండి.

రిలే పక్కన నారింజ రంగు గాజు డయోడ్ ఉంది. 4148 అనుకుని మార్చాను, ట్రాన్సిస్టర్ కాలిపోయింది. ఎందుకు?

మీరు వేసింది జీనర్ అయ్యుంటుంది. 1N4148, చిన్న జీనర్లు రెండూ ఒకే గాజు ఒంట్లో, ఒకే నల్ల గీతతో వస్తాయి. తేడా అంతా అక్షరాల్లోనే. 4148 మీద 41 ఒక వరుసలో, 48 కింద వరుసలో ఉంటాయి. జీనర్ మీద 5V1, C12 లాంటివి ఉంటాయి. 5V1 లో V దశాంశ బిందువు, అంటే 5.1 వోల్టులు. టార్చ్ పక్కనుంచి వేసి, ఫోన్ కెమెరా జూమ్ చేసి, డయోడ్‌ను వేళ్ళ మధ్య మెల్లగా తిప్పుతూ చూస్తే అక్షరాలు తేలతాయి.

రిలే కాయిల్‌కి అడ్డంగా 5.1 వోల్టుల జీనర్ పెడితే, ట్రాన్సిస్టర్ ఆన్ అయినప్పుడు దాని మీద ఎదురుగా 12 వోల్టులు పడతాయి. 4148 వాటిని ఆపేది. జీనర్ 5.1 దగ్గరే తెరుచుకుని కరెంటును వదిలేస్తుంది, దాన్ని మోయలేక ట్రాన్సిస్టర్ పోతుంది.

అక్షరాలు చెరిగిపోతే మీటరు డయోడ్ మోడ్ సరిపోదు, రెండూ ఒకేలా 0.6, 0.7 చూపిస్తాయి. 12 వోల్టుల సప్లై ప్లస్ నుంచి 1 కిలోఓము రెసిస్టర్ గుండా డయోడ్ గీత వైపుకి ఇచ్చి, రెండో కాలు మైనస్‌కి కలపండి. డయోడ్ మీద 5 వోల్టుల చుట్టుపక్కల నిలిస్తే అది జీనర్. మొత్తం 12 కనిపిస్తే మామూలు డయోడ్ కావచ్చు, 12 కన్నా ఎక్కువ వోల్టుల జీనర్ అయినా కావచ్చు.

రంగు గీతలున్న చిన్న గొట్టం: రెసిస్టరా, డయోడా, కాయిలా?

ఒంటిని చూడండి. గాజైతే డయోడ్. లేత గోధుమ లేదా నీలం ఒళ్ళుండి, చివర్లు కొంచెం ఉబ్బి నడుము సన్నగా ఉంటే రెసిస్టర్. ఆకుపచ్చగా, పొట్టిగా, కాస్త లావుగా ఉంటే చాలావరకు కాయిల్. దాన్ని మీటరుతో చూస్తే సాధారణంగా కొన్ని ఓములే వస్తాయి. రంగులు మాత్రం రెసిస్టర్ విలువ చెబుతున్నట్టే ఉంటాయి.

కొన్ని గాజు డయోడ్ల మీద నంబరు బదులు రంగులే వేస్తారు. వాటిలో వెడల్పాటి మొదటి గీత కాథోడ్‌ని చూపిస్తుంది, చదవడం కూడా అక్కడి నుంచే. నలుపు 0, గోధుమ 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలం 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9. పసుపు, గోధుమ, పసుపు, బూడిద అంటే 4148. ముందు 1N మనమే చేర్చుకోవాలి. ఇక్కడ సున్నాలు కలిపే లెక్క లేదు, అంకెలు వరుసగా చదవడమే.

## ట్రాన్సిస్టర్లు

మూడు కాళ్ళున్నదల్లా ట్రాన్సిస్టరేనా?

కాదు. ముందు చదునుగా, వెనక గుండ్రంగా ఉండే చిన్న నల్ల ప్లాస్టిక్ ముక్కలో BC547 ట్రాన్సిస్టర్ వస్తుంది. 78L05 అనే 5 వోల్టుల రెగ్యులేటర్, TL431 అనే రిఫరెన్స్, LM35 అనే వేడి కొలిచే ఐసీ కూడా అదే ఒంట్లో వస్తాయి. వెనక ఇనుప రెక్క, అందులో స్క్రూ రంధ్రం ఉన్న పెద్దవి కూడా అంతే: TIP122 ట్రాన్సిస్టర్, 7812 రెగ్యులేటర్, BT136 ట్రయాక్, IRF540 మాస్‌ఫెట్. చూపుకి కవలపిల్లలు, పనిలో ఏ పోలికా లేదు. నంబరు చదవకుండా వీటిని మార్చకూడదు.

C1815 అని రాసుంది, షాపులో కెపాసిటర్ ఇచ్చారు. నేను అడిగింది తప్పా?

తప్పు కాదు, పూర్తి పేరు చెప్పి ఉంటే సరిపోయేది. జపాన్ పద్ధతిలో ట్రాన్సిస్టర్ పేరు 2S తో మొదలవుతుంది, చోటు లేక ఒంటి మీద ఆ రెండూ వదిలేస్తారు. C1815 అంటే 2SC1815, D882 అంటే 2SD882. ట్రాన్సిస్టర్లు ఎన్‌పీఎన్, పీఎన్‌పీ అని రెండు రకాలు. C, D తో వచ్చేవి ఎన్‌పీఎన్. A, B తో వచ్చేవి పీఎన్‌పీ. BC547, BD139 లాంటివి యూరప్ పద్ధతి: మొదటి B సిలికాన్ అని, రెండో అక్షరం C అయితే చిన్నది, D అయితే పవర్ రకం అని. 2N తో మొదలయ్యేవి అమెరికా పద్ధతి, అందులో అంకెలు వరుస సంఖ్యలే. కోఠి గుజరాతీ గల్లీలో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా 2SC1815 అని పూర్తిగా చెప్పండి.

BC547 బదులు 2222 వేస్తే రిలే పట్టడం లేదు. రెండూ ఎన్‌పీఎన్‌లే కదా?

కాళ్ళ వరుస వేరు. చదును ముఖం మన వైపు, కాళ్ళు కిందకి పెట్టి చూస్తే BC547 లో ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. PN2222 లో ఎమిటర్, బేస్, కలెక్టర్. 2SC1815 అయితే ఎమిటర్, కలెక్టర్, బేస్. నేనూ మొదట్లో 2222 ని BC547 చోట అలాగే దించి, రిలే పాడైందనుకుని కొత్త రిలే కొని మార్చాను. ఆ తర్వాతే అసలు సంగతి తెలిసింది. ఎమిటర్, కలెక్టర్ తారుమారైనప్పుడు ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆగిపోదు, కానీ దాని గెయిన్, అంటే కరెంటును పెంచే శక్తి, చాలా పడిపోతుంది. 12 వోల్టుల చిన్న రిలే కాయిల్ 400 ఓముల దాకా ఉంటుంది, దానికి కావాల్సింది 30 మిల్లీఆంపియర్లు. తిరగబడిన ట్రాన్సిస్టర్ అంత ఇవ్వలేదు.

PN2222 ని అటు ముఖం ఇటు తిప్పి పెడితే సరిపోతుంది. కానీ P2N2222A అనే ఇంకొకటి BC547 వరుసలోనే వస్తుంది. పేరులో ఒక్క అంకె తేడా. కాబట్టి ఆ నంబరు డేటాషీట్‌లోని కాళ్ళ బొమ్మ చూశాకే దించండి.

ఇనుప టోపీలాంటి ట్రాన్సిస్టర్‌కి ఎమిటర్ ఏది?

SL100, BC107 లాంటి గుండ్రటి లోహపు డబ్బాల అంచున చిన్న రెక్క పొడుచుకొచ్చి ఉంటుంది. దాని పక్క కాలు ఎమిటర్. మధ్యది బేస్, మిగిలింది కలెక్టర్. డబ్బా లోపల కలెక్టర్‌కే కలిసి ఉంటుంది, పక్క పార్టుకి తగలనివ్వకండి.

ట్రాన్సిస్టర్ కాలి నంబరు కనపడటం లేదు. ఏం వేయాలి?

ఒక స్టెబిలైజర్ బోర్డులో జరిగింది చెబుతాను. మూడు రిలేలున్నాయి, మధ్య రిలే కింద Q2 పగిలి సగం లేదు. ఇలాంటి బోర్డులో ప్రతి రిలేకీ ఒకే సర్క్యూట్ మళ్ళీ మళ్ళీ వేస్తారు. అందుకే ముందు పక్కవాటిని చూశాను: Q1, Q3 రెండూ BC547. బేస్ రెసిస్టర్ కూడా మూడు చోట్లా ఒకే రంగులు. Q2 కూడా అదేనని దాదాపు తేలిపోయింది.

రూఢి చేసుకోవడానికి బోర్డు తిప్పి రాగి గీతలు పట్టుకున్నాను. రిలే కాయిల్ ఒక కొస 12 వోల్టుల ప్లస్‌కి, రెండో కొస Q2 మొదటి కాలికి. Q2 చివరి కాలు పెద్ద కెపాసిటర్ మైనస్‌కి. ఎమిటర్ మైనస్‌లో, లోడు ప్లస్ వైపు ఉందంటే ఎన్‌పీఎన్. కాయిల్‌కి కావాల్సిన 30 మిల్లీఆంపియర్లు BC547 హద్దు 100 లోపే.

ఇక్కడితో ఆపితే కొత్తదీ పోయేది. రిలేకి అడ్డంగా ఉన్న డయోడ్ ఒక కాలు ఎత్తి కొలిస్తే అటూ ఇటూ OL, అంటే లోపల తెగిపోయింది. రిలే ఆగిన ప్రతిసారీ కాయిల్ నుంచి ఎగిసే వోల్టేజ్‌ను మింగాల్సింది ఆ డయోడే. ట్రాన్సిస్టర్‌తో పాటు ఒక 1N4007 కూడా మార్చాకే కరెంటు పెట్టాను.

మిరియపు గింజ కన్నా చిన్న మూడు కాళ్ళ ముక్క మీద J3Y అని ఉంది?

అది ఎక్కువగా S8050, ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్. అంత చిన్న ఒంటి మీద పూర్తి నంబరు పట్టక సంకేతం వేస్తారు. 2TY అంటే S8550, 1AM అంటే 3904 రకం. అదే ఒంట్లో A7 అని ఉంటే ట్రాన్సిస్టర్ కాదు, BAV99 అనే జంట డయోడ్. ఒకే సంకేతాన్ని వేర్వేరు కంపెనీలు వేర్వేరు పార్టులకు వాడతాయి కాబట్టి బోర్డు మీద Q ఉందో D ఉందో కలిపి చూసుకోండి.

## మీటరు పెట్టాక

డయోడ్ మోడ్‌లో రెండు వైపులా 0.4 చూపిస్తోంది. డయోడ్ పోయినట్టేనా?

అది రిలే పక్కన ఉన్న డయోడ్ అయితే పోకపోయి ఉండొచ్చు. మీటరు డయోడ్ మోడ్‌లో సుమారు 1 మిల్లీఆంపియర్ పంపి, ఎన్ని వోల్టులు పడ్డాయో చూపిస్తుంది. పక్కనే ఉన్న 400 ఓముల కాయిల్ గుండా ఆ 1 మిల్లీఆంపియర్ పోతే 0.4 వోల్టులు. మీరు చూసింది కాయిల్‌ని, డయోడ్‌ని కాదు. డయోడ్ ఒక కాలు లెడ్డు కరిగించి పైకి ఎత్తి మళ్ళీ కొలవండి. బాగున్న సిలికాన్ డయోడ్ ఒకవైపు 0.5 నుంచి 0.7, రెండోవైపు OL చూపిస్తుంది. షాట్‌కీ అయితే 0.15 నుంచి 0.3 దాకా రావడం మామూలే, దాన్ని లీకేజీ అనుకోకండి. రెండు వైపులా సున్నా దగ్గరైతే షార్ట్.

నంబరు లేని ట్రాన్సిస్టర్‌లో బేస్ ఏది? ఎన్‌పీఎన్నా, పీఎన్‌పీనా?

బోర్డు నుంచి తీసి, మీటరు డయోడ్ మోడ్‌లో పెట్టండి. ఎర్ర ప్రోబ్ ఒక కాలికి ఉంచి, నల్లది మిగతా రెండింటికీ తాకించండి. రెండింటితోనూ 0.6, 0.7 చుట్టుపక్కల వస్తే ఎర్రది ఉన్నది బేస్, అది ఎన్‌పీఎన్. రాకపోతే ఎర్రది తర్వాతి కాలికి మార్చి మళ్ళీ చూడండి. మూడు కాళ్ళకూ రాకపోతే ప్రోబులు మార్చండి. నల్లది ఒకచోట ఉంచి ఎర్రది తిప్పినప్పుడు రెండు రీడింగులూ వస్తే పీఎన్‌పీ, నల్లది ఉన్నది బేస్.

ఆ రెండు రీడింగుల్లో కొంచెం ఎక్కువ వచ్చిన కాలు ఎమిటర్, తక్కువది కలెక్టర్. తేడా 0.655, 0.649 అన్నంత చిన్నది, కాబట్టి మూడంకెల దాకా చదవండి. ట్రాన్సిస్టర్‌ను వేళ్ళతో పట్టుకుంటే ఒంటి వేడికి అంకె కిందకి జారుతుంది. బ్రెడ్‌బోర్డులో గుచ్చి కాసేపు ఆగి కొలిస్తే నిలకడగా ఉంటుంది.